నింద పుట్టర్ మీద, నష్టం ఇంకెక్కడో

400 గజాల పార్-4 హోల్. టీ మీద నుంచి కొట్టిన బంతి 220 గజాలు వెళ్లింది కానీ, కుడివైపు చెట్లలో పడింది. అక్కడి నుంచి కొమ్మల కింద తక్కువ ఎత్తులో కొట్టి బంతిని ఫెయిర్‌వే మీదికి తెచ్చాడు. ఇంకా 120 గజాలుంది. మూడో షాట్ గ్రీన్ మీద పడింది గానీ జెండాకు 60 అడుగుల దూరంలో ఆగింది. మొదటి పుట్ 8 అడుగుల ముందే ఆగిపోయింది, రెండోది అంచు తాకి పక్కకు పోయింది, మూడోది లోపల పడింది. మొత్తం 6. క్లబ్‌హౌస్‌కి వచ్చి ఈ ఆటగాడు ఏమంటాడో గోల్ఫ్ ఆడేవాళ్లందరికీ తెలుసు: ‘మూడు పుట్‌లయ్యాయి, పుట్టర్ ముంచేసింది.’ మర్నాడు గంటసేపు పుటింగ్ గ్రీన్ మీదే ఉంటాడు.

హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన ఆడేవాళ్ల దగ్గరైనా, డాలస్‌లో వారాంతాల్లో ఆడే తెలుగువాళ్ల దగ్గరైనా ఈ మాటే వినిపిస్తుంది. స్కోరు కార్డు కూడా ఆ మాటకే వత్తాసు పలుకుతుంది. చాలామంది కార్డు మీద రాసుకునేవి మూడే: ఫెయిర్‌వే దొరికిందా, గ్రీన్‌కి సరైన షాట్లలో చేరామా, ఎన్ని పుట్‌లయ్యాయి. చెట్లలో పడిన బంతికీ, ఫెయిర్‌వే అంచు దాటి రెండడుగుల గడ్డిలో ఆగిన బంతికీ అందులో ఒకటే గుర్తు. 60 అడుగుల నుంచి మూడు పుట్‌లు, 15 అడుగుల నుంచి మూడు పుట్‌లు కూడా ఆ లెక్కలో సమానమే.

ఈ లెక్కను సరిచేసిన వ్యక్తి కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. బంతి ఎక్కడున్నా, అక్కడి నుంచి హోల్‌లో వేయడానికి సగటున ఎన్ని షాట్లు పడతాయో ముందు తెలుసుకోవాలి. షాట్‌కి ముందున్న సగటులోంచి షాట్ తర్వాతి సగటు తీసేసి, కొట్టినందుకు ఇంకో ఒకటి తీసేయాలి. మిగిలిందే ఆ షాట్ విలువ. ప్లస్ వస్తే లాభం, మైనస్ వస్తే నష్టం. దీని పేరే స్ట్రోక్స్ గెయిన్డ్.

సగటులు తెలియాలంటే లక్షల షాట్లు కొలవాలి. అమెరికాలోని పీజీఏ టూర్ దగ్గర అప్పటికే షాట్‌లింక్ అనే ఏర్పాటు ఉంది. టోర్నమెంట్లలో ప్రతి షాట్ ఎక్కడి నుంచి కొట్టారో, ఎక్కడ ఆగిందో లేజర్లతో కొలిచి నమోదు చేసేవారు. ఆ రికార్డుల మీద బ్రోడీ పట్టికలు కట్టాడు. 2011లో పీజీఏ టూర్ పుటింగ్‌కి ఈ లెక్కను అధికారికంగా తీసుకుంది. 2016 నాటికి మిగతా ఆటకూ విస్తరించింది.

పట్టికలో మన హోల్‌కి కావలసిన అంకెలు చూద్దాం. 400 గజాల టీ నుంచి టూర్ ప్రొఫెషనల్‌కి సగటున 3.99 షాట్లు పడతాయి. 180 గజాల దూరంలో చెట్ల మధ్య ఇరుక్కుంటే 3.82. ఫెయిర్‌వేలో 120 గజాల నుంచి 2.85. గ్రీన్ మీద 60 అడుగుల నుంచి 2.21, 8 అడుగుల నుంచి 1.50. ఈ చివరిది ఒకసారి ఆగి చూడాల్సిన అంకె. 8 అడుగుల పుట్‌ని ప్రపంచంలోని అత్యుత్తమ ఆటగాళ్లు సగం సార్లు మిస్సవుతారు. టీవీలో ఆ వారం గెలుస్తున్న నలుగురినే చూపిస్తారు కాబట్టి మనకలా అనిపించదు.

ఇప్పుడు తీసివేతలు. డ్రైవ్: 3.99 నుంచి 3.82కి వచ్చాడు, ఒక షాట్ ఖర్చయింది. నష్టం 0.83. చెట్లలోంచి బయటికి: 3.82 నుంచి 2.85. నష్టం 0.03, అంటే దాదాపు ఏమీ లేదు, ప్రొఫెషనల్ కూడా అదే చేసేవాడు. 120 గజాల షాట్: 2.85 నుంచి 2.21, నష్టం 0.36. మొదటి పుట్ 0.29, రెండో పుట్ 0.50, చివరిది సున్నా. అన్నీ కలిపితే 2.01. టీ దగ్గరి 3.99కీ, వేసిన 6కీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. లెక్క ఎప్పుడూ ఇలా పైసాతో సహా సరిపోతుంది. ఒక షాట్ మీద నష్టం తగ్గించి చూపిస్తే అది పక్క షాట్ మీదకి పోతుందే తప్ప మాయం కాదు.

మూడు పుట్‌లూ కలిసి చేసిన నష్టం 0.79. డ్రైవ్ ఒక్కటే చేసింది 0.83. కానీ సాయంత్రానికి గుర్తుండేది చివరి పుట్టే.

ఇక్కడే చాలామంది ఇంటి లెక్కలు తప్పుతాయి. చెట్లలో పడిన బంతిని కార్డులో ‘రఫ్, 180 గజాలు’ అని రాసేస్తారు. రఫ్‌లో 180 గజాల సగటు 3.31. అలా రాస్తే డ్రైవ్ నష్టం 0.83 నుంచి 0.32కి పడిపోతుంది. చెట్లలోంచి బయటికి కొట్టిన మంచి షాట్ మాత్రం 0.54 నష్టంగా కనిపిస్తుంది. అర షాట్ నింద డ్రైవర్ మీద నుంచి ఐరన్ మీదకి వెళ్లిపోయింది. గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది: జెండా వైపు సూటిగా కొట్టే దారి లేకపోతే అది రఫ్ కాదు, చెట్ల కేసు. అలాగే బంతి హద్దు దాటిపోతే పెనాల్టీ షాట్ కూడా డ్రైవ్ ఖాతాలోనే పడాలి. మళ్లీ అదే టీ నుంచి కొట్టాలి కాబట్టి సగటు మారదు, రెండు షాట్లు పోయాయి. నష్టం కచ్చితంగా 2.00. గోల్ఫ్‌లో ఒక్క ఊపులో ఇంత పోగొట్టే మార్గాలు ఎక్కువ లేవు.

ఒక హోల్ కథ చెబుతుంది కానీ తీర్పు ఇవ్వదు. 20 అడుగుల పుట్ ఒకటి పడితే 0.87 లాభం. అదృష్టం బాగుండి రెండు పడితే ఆ రోజు పుటింగ్ మహా గొప్పగా కనిపిస్తుంది. అందుకే కనీసం ఐదారు రౌండ్లు రాయాలి, పుటింగ్ విషయంలో ఇంకా ఎక్కువ. రాయాల్సింది ప్రతి షాట్‌కీ రెండే: జెండాకి ఎంత దూరం, బంతి ఎలాంటి చోట ఉంది. గజాలు రేంజ్‌ఫైండర్‌లోనో ఫోన్‌లోనో చూసుకోవచ్చు. గ్రీన్ మీద మాత్రం అడుగులు వేసి కొలవాల్సిందే, కళ్లతో అంచనా వేస్తే మిస్సయిన పుట్‌లన్నీ పొట్టివైపోతాయి.

15 హ్యాండిక్యాప్ ఆటగాడిని ఊహించుకుందాం. హ్యాండిక్యాప్‌ని చివరి 20 రౌండ్లలో మంచివైన 8 బట్టి లెక్కిస్తారు, కాబట్టి మామూలు రోజున ఇతని స్కోరు 90కి అటూ ఇటూ ఉంటుంది. టూర్ సగటుతో పోలిస్తే రౌండ్‌కి 20 షాట్లు పోతున్నాయనుకుందాం. వాటిని నాలుగు ఖాతాల్లో వేస్తే డ్రైవింగ్ 6.4, 100 గజాలు దాటిన అప్రోచ్ షాట్లు 7.4, 100 గజాల లోపు చిప్‌లూ పిచ్‌లూ బంకర్లూ 3.9, పుటింగ్ 2.3 వచ్చాయి.

అప్రోచ్ అంకె పెద్దది కాబట్టి జబ్బు అక్కడే ఉందనుకోవడం తొందరపాటు. ఏ స్థాయిలోని ఇద్దరు ఆటగాళ్ల మధ్య తేడా చూసినా, దాదాపు మూడింట రెండు వంతులు 100 గజాల అవతలి షాట్లలోనే ఉంటుందని బ్రోడీ చూపించాడు. అంటే అక్కడ ఎక్కువ పోవడం అందరికీ ఉన్నదే. మన ఆటగాడికి డ్రైవింగ్, అప్రోచ్ కలిపి 20లో 13.8, మామూలు వాటాకి కాస్త పైన. పుటింగ్ మాత్రం కేవలం 2.3. గంటసేపు పుటింగ్ గ్రీన్ మీద గడిపే మనిషికి ఇది మింగుడు పడదు.

వాటాలతో ఆగకుండా ఖాతా లోపలికి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. రౌండ్‌కి 14 డ్రైవ్‌లు. అందులో ఒకటి హద్దు దాటుతోంది, 2.0 పోయింది. మూడు చెట్లలో పడుతున్నాయి, ఒక్కొక్కటి 0.8 చొప్పున 2.4. అంటే నాలుగు డ్రైవ్‌లే 4.4 తింటున్నాయి. మిగతా పదీ కలిసి 2.0 మాత్రమే. ఇతనికి కావలసింది ఇంకో 20 గజాల దూరం అని కొత్త డ్రైవర్ అమ్మేవాళ్లు చెబుతారు. అయితే 220 గజాలు వెళ్లి ఫెయిర్‌వేలో ఆగిన డ్రైవ్ ఎంత నష్టం చేస్తుందో చూడండి: 180 గజాల ఫెయిర్‌వే సగటు 3.08, కాబట్టి నష్టం 0.09.

ఆ 0.09ని పూర్తిగా నమ్మకూడదు కూడా. 180 గజాల నుంచి టూర్ ఆటగాడికి 3.08 షాట్లు చాలు, మనవాడికి చాలవు. డ్రైవ్ పొట్టిదైనందువల్ల వచ్చే కష్టంలో కొంత భాగం తర్వాతి షాట్ ఖాతాలోకి, అంటే అప్రోచ్‌లోకి, జారిపోతుంది. టూర్ సగటుతో కొలిచినప్పుడు వచ్చే ఇబ్బంది ఇదే. తన స్థాయికి దగ్గరి హ్యాండిక్యాప్ సగటులతో పోల్చుకునే వీలు కొన్ని యాప్‌లు ఇస్తాయి, ఉంటే అదే మేలు. లేకపోతే అప్రోచ్ ఖాతాని దూరం బట్టి విడదీసి చూడాలి. 120 గజాల నుంచి నష్టం తక్కువగా, 160 దాటాక మాత్రం ఎక్కువగా ఉంటే, ఆ నష్టంలో కొంత డ్రైవ్ దూరానిదే. 120 నుంచి కూడా గ్రీన్ తప్పుతుంటే తప్పు ఐరన్లదే.

ఇంతకీ డ్రైవర్‌ని పక్కన పెట్టేయాలా? అదీ లెక్క వేయొచ్చు. 200 గజాలు వెళ్లే హైబ్రిడ్ కొట్టి ఫెయిర్‌వేలో ఉంటే, మిగిలిన 200 గజాల సగటు 3.19, నష్టం 0.20. డ్రైవర్ ఫెయిర్‌వేలో ఉంటే నష్టం 0.09. తేడా 0.11. ఇందాక చెప్పిన కారణంతో మనవాడికి అది రెట్టింపనుకుందాం, 0.22. హద్దు దాటిన బంతి దానికంటే 1.91 ఎక్కువ ఖరీదు. కాబట్టి తొమ్మిది డ్రైవ్‌లలో ఒకటి హద్దు దాటే చోట హైబ్రిడ్ లాభం, అంతకంటే తక్కువైతే డ్రైవరే మంచిది. ఇతనికి 14కి ఒకటి పోతోంది, అంటే అన్ని హోల్స్‌లోనూ డ్రైవర్ మానేయనక్కర్లేదు. ఆరు రౌండ్ల కార్డులు ముందేసుకుని, ఆ చెడ్డ డ్రైవ్‌లు ఏ హోల్స్‌లో వచ్చాయో గుర్తు పెడితే సాధారణంగా రెండు మూడు హోల్స్ దగ్గరే గుర్తులు గుమిగూడతాయి. హైబ్రిడ్ అక్కడ తీయాలి, మిగతా చోట్ల డ్రైవర్ బ్యాగులోంచి బయటికి రావచ్చు.