దీర్ఘకాలిక నడుము నొప్పి: స్కాన్ చెప్పేది, చెప్పనిది

నడుము నొప్పి 12 వారాలకు మించి కొనసాగితే దానిని దీర్ఘకాలిక నడుము నొప్పి అంటారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. కుట్టుమిషను మీద పనిచేసే 42 ఏళ్ల మహిళకు ఐదు నెలలుగా నడుము నొప్పి ఉంది. ఎక్కువసేపు కూర్చుంటే పెరుగుతుంది, లేచి కాసేపు నడిస్తే తగ్గుతుంది. కాళ్లలోకి దిగదు. ఎమ్మారై తీయిస్తే, నడుములోని నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య డిస్కు అరిగి, ఉబ్బిందని రిపోర్టు వచ్చింది. అది చదివి భయపడి ఆమె వంగడం, బిందె ఎత్తడం మానేసింది.

రిపోర్టులో రాసింది తప్పు కాదు. అయితే ఆ ఉబ్బే నొప్పికి కారణమని స్కాన్ చెప్పలేదు. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల్లో వయసుతోపాటు నీటి శాతం తగ్గుతుంది. అవి పలచబడి అంచుల వద్ద ఉబ్బుతాయి. జుట్టు నెరవడం వంటి మార్పే ఇది. 1994లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వారిలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. అంటే నొప్పి మొదలుకాక ముందు స్కాన్ తీసినా ఈమెకు ఇదే రిపోర్టు వచ్చి ఉండవచ్చు. ఇక్కడ అసలు నష్టం రిపోర్టు పుట్టించిన భయం వల్ల జరిగింది. కదలికలు మానేయడంతో కండరాలు బలహీనపడ్డాయి, చిన్న పనికే నడుము పట్టేస్తోంది.

మరి స్కాన్ ఎప్పుడు అవసరం? మర్మాంగాలు, మలద్వారం చుట్టూ, అంటే కూర్చున్నప్పుడు పీటకు ఆనే భాగంలో తిమ్మిరి పట్టినా, మూత్రం బిగుసుకుపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెన్ను కింది భాగంలోని నరాల కట్ట నొక్కుకుపోతే ఇలా జరుగుతుంది. ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, విశ్రాంతిలోనూ తగ్గని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్, దీర్ఘకాలం స్టెరాయిడ్ల వాడకం, కింద పడిన తర్వాత మొదలైన నొప్పి ఉన్నా త్వరగా వైద్యునికి చూపించుకోవాలి. మన దేశంలో వెన్నెముక క్షయను కూడా గుర్తుంచుకోవాలి. తొలిదశలో అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు.

పై ఉదాహరణలోని మహిళకు ఇవేవీ లేవు. మడమల మీద, మునివేళ్ల మీద బాగానే నడవగలుగుతోంది. ఆమెకు కావలసింది క్రమంగా పెంచే వ్యాయామం. మొదట రోజూ పది నిమిషాల నడక, కొన్ని వారాల్లో ముప్పై నిమిషాలకు చేర్చాలి. దానితోపాటు చేతులు, మోకాళ్ల మీద వంగి కుడిచేతిని ముందుకు, ఎడమకాలిని వెనక్కు చాచి ఎనిమిది సెకన్లు ఆపాలి. తర్వాత ఎడమచేయి, కుడికాలు. నడుము కిందికి జారకూడదు. మొదట్లో వైపుకు అయిదుసార్లు చాలు. ఫలానా వ్యాయామమే గొప్పదనడానికి ఆధారం తక్కువ, మానకుండా చేయగలిగిందే మంచిది. కుట్టుపనిలో అరగంటకోసారి లేవడం కూడా ఇందులో భాగమే.

వ్యాయామం తర్వాత నొప్పి కొద్దిగా పెరిగి మర్నాటికి తగ్గిపోతే కొనసాగించవచ్చు. మర్నాడూ తగ్గకపోతే మోతాదు సగానికి తగ్గించాలి. నొప్పి కాలి కిందికి దిగుతున్నా, పాదం ఈడ్చుకుపోతున్నా ఆపి వైద్యుని వద్దకు వెళ్లాలి.