ఎనభై శాతం చార్జి అంటే దేనిలో ఎనభై?

చెన్నైలో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు చూడటానికి వెళ్తే, అమ్మేవాళ్లు ముందుగా చూపించేది స్టీరింగ్ ఎదురుగా ఉన్న తెర మీది చార్జి అంకె. ఉదయమే పూర్తిగా చార్జి చేసి ఉంచుతారు కాబట్టి అది 100 చూపిస్తుంది. ఆ నూరు అబద్ధం కాదు. కానీ బ్యాటరీ ఎంత అరిగిందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. అయిదేళ్ల కిందటి కారూ, నిన్న షోరూమ్ నుంచి వచ్చిన కారూ పూర్తిగా చార్జి చేస్తే రెండూ నూరే చూపిస్తాయి.

తెర మీద కనిపించేది స్టేట్ ఆఫ్ చార్జ్. ఇప్పుడు బ్యాటరీలో పట్టే మొత్తంలో ఎంత నిండి ఉందో అది చెబుతుంది. కొత్తలో పట్టినదానిలో ఇప్పుడు ఎంత పడుతోందో చెప్పేది స్టేట్ ఆఫ్ హెల్త్. మెట్రో వాటర్ లారీ వచ్చి నింపిపోయే సంపులో ఏళ్లు గడిచేకొద్దీ అడుగున బురద పేరుకుంటుంది. నీళ్లు ఎప్పటిలాగే అంచుదాకా వస్తాయి, పట్టే బిందెలు మాత్రం తగ్గుతాయి. నీటిమట్టం మొదటి అంకె, పట్టే బిందెలు రెండో అంకె.

ఒక నిజమైన కారును తీసుకుని చూద్దాం. హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ 2019 జులైలో మన దేశంలో విడుదలైంది. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలోనే దాన్ని బిగించేవారు. బ్యాటరీ 39.2 కిలోవాట్-అవర్లు, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 39.2 యూనిట్లు. వోల్టేజి సుమారు 327. 39.2 కిలోవాట్-అవర్లను, అంటే 39,200 వాట్-అవర్లను, 327తో భాగిస్తే దాదాపు 120 ఆంపియర్-అవర్లు వస్తాయి. కొత్త బ్యాటరీ సామర్థ్యం ఇదే. ఆరోగ్యం 90 శాతమంటే ఈ 120లో 108 మిగిలిందని అర్థం. అప్పుడు తెర మీద కనిపించే 50 శాతంలో ఉన్నవి 60 కాదు, 54 ఆంపియర్-అవర్లే.

చిక్కు ఎక్కడంటే, ఈ రెండు అంకెల్లో దేన్నీ నేరుగా కొలిచే పరికరం బ్యాటరీలో లేదు. పెట్రోలు ట్యాంకులో తేలే బెండు లాంటిది ఇక్కడ కుదరదు. బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కొలవగలిగేవి మూడే: సెల్ వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత. మిగతాదంతా లెక్క. బయటికి పోయిన కరెంటును, బ్రేకు వేసినప్పుడు తిరిగి లోపలికి వచ్చిన కరెంటును క్షణక్షణం కూడుతూ, తీసివేస్తూ పోతుంది. దీన్ని కూలంబ్ కౌంటింగ్ అంటారు. సెన్సారులో చిన్న తేడా ఉన్నా రోజులు గడిచేకొద్దీ అది పేరుకుంటుంది. అందుకే కారు చాలాసేపు కదలకుండా నిలిచినప్పుడు సిస్టమ్ సెల్ వోల్టేజి చూసి లెక్కను సరిచేసుకుంటుంది. కోనాలో ఉన్న నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం సెల్‌లో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే చార్జి తగ్గేకొద్దీ వోల్టేజి కూడా స్పష్టంగా దిగుతూ వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉండేది, సగానికి వచ్చేసరికి 3.7 దరిదాపుల్లో ఉంటుంది.

ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌ల కథ వేరు. చార్జి 80 నుంచి 30 శాతానికి పడిపోయినా వాటి వోల్టేజి 3.3 చుట్టూనే తచ్చాడుతుంది, కాబట్టి నడుమ ఎక్కడున్నామో వోల్టేజిని బట్టి పోల్చుకోవడం కష్టం. అప్పుడప్పుడు పూర్తిగా 100 దాకా చార్జి చేయమని అలాంటి కార్ల తయారీదారులు చెప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం. పైచివర దగ్గర వోల్టేజి ఒక్కసారిగా పైకి లేస్తుంది. సిస్టమ్‌కు లెక్క సరిచేసుకునే గుర్తు అక్కడే దొరుకుతుంది.

ఇక అరుగుదల. చార్జి చేసినప్పుడల్లా లిథియం గ్రాఫైట్ పొరల్లోకి చేరుతుంది. గ్రాఫైట్ పైన పలచని పొర ఒకటి మొదటి చార్జింగులోనే ఏర్పడుతుంది. అది ఉండాలి కూడా, లేకపోతే లోపలి ద్రవం గ్రాఫైట్‌ను తాకి విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. కానీ ఆ పొర అక్కడితో ఆగదు, నెమ్మదిగా మందమవుతూ కొంత లిథియాన్ని తనలో బంధించేస్తుంది. అలా చిక్కుకున్న లిథియం మళ్లీ పనికిరాదు. సామర్థ్యం తగ్గడానికి ప్రధాన కారణం ఇదే. పొర మందమయ్యేకొద్దీ తన పెరుగుదలకు తానే అడ్డుపడుతుంది. అందుకే తరుగు మొదటి ఒకటి రెండేళ్లలో కొంచెం వేగంగా ఉండి, తర్వాత నెమ్మదిస్తుంది. మొదటి ఏడాది మూడు శాతం పోయిందని పదేళ్లకు ముప్పై పోతుందని లెక్క కట్టడం తప్పు. బాగా పాతబడ్డాక తరుగు మళ్లీ ఊపందుకోవచ్చు. అది వేరే దశ.

ఈ పొర పెరగడానికి కారు నడవనక్కర్లేదు. వేడి, నిండు చార్జి చాలు. 2012 వేసవిలో అమెరికాలో ఫీనిక్స్ నగరంలోని నిస్సాన్ లీఫ్ యజమానులకు ఇది అనుభవమైంది. ఆ కారు తెర మీద సామర్థ్యాన్ని చూపే 12 గీతలు ఉంటాయి. మొదటి గీత పోయిందంటే సుమారు 15 శాతం సామర్థ్యం పోయినట్టు. కొని ఎంతో కాలం కాకముందే చాలామందికి గీతలు మాయమయ్యాయి. ఆ లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ద్రవం లేదు. ఎడారి వేడి తగ్గేదాకా బ్యాటరీ కూడా వేడిగానే ఉండేది. ఆ గొడవ తర్వాతే నిస్సాన్ సామర్థ్యానికి వారంటీ ప్రకటించింది.

చెన్నై ఎడారి కాదు కానీ, చలికాలమంటూ లేని ఊరు. మే నెలలో రాత్రి కూడా 28 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే 21, 22కి దిగుతుంది. ఇప్పటి చాలా కార్లలో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉన్నా, కారు ఆపి తాళం వేశాక అది సాధారణంగా పనిచేయదు. కాబట్టి వేళచ్చేరిలో అపార్ట్‌మెంటు బయట ఎండలో నూరు శాతం చార్జితో వారమంతా నిలిపి ఉంచిన కారు, రోజూ తిరిగే కారు కంటే ఎక్కువ అరగవచ్చు. ఓడోమీటరు చూసి బ్యాటరీని అంచనా వేసేవాళ్లు పొరబడేది ఇక్కడే.

తగ్గిన మైలేజీని చూసి బ్యాటరీ చెడిందనుకోవడమూ అంతే. పాత మహాబలిపురం రోడ్డు ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు లాగిందనుకుందాం. ఆ గంటలో ఒకటిన్నర యూనిట్లు, అంటే 39.2లో దాదాపు 4 శాతం, చల్లదనానికే పోతుంది. మిగిలిన దూరమంటూ తెర చూపే అంకె ఇటీవలి నడక మీద ఆధారపడిన ఊహ. దాన్నుంచి ఆరోగ్యం తీయలేం.

మరి ఎలా కొలవాలి? ప్రయోగశాలలో అయితే బ్యాటరీని 25 డిగ్రీల గదిలో ఉంచి, పూర్తిగా చార్జి చేసి, సుమారు మూడు గంటల్లో ఖాళీ అయ్యేంత నిలకడైన కరెంటుతో చివరిదాకా దించి, బయటికి వచ్చినదంతా కూడతారు. అంతకంటే నికార్సయిన పద్ధతి లేదు. కారులోనే చేయాలంటే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు బ్లూటూత్ పరికరం తగిలించి, ఫోనులోని యాప్‌తో బ్యాటరీ సిస్టమ్ లెక్కలు చదవాలి. కోనా లాంటి కార్లలో State of Charge BMS, Cumulative Charge Current, Cumulative Discharge Current అనే వరుసలు కనిపిస్తాయి.

ఊరికే ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో తెల్లవారి చార్జి 92 శాతం. రోజంతా తిప్పి, మళ్లీ కొన్ని గంటలు ఆపి చూస్తే 12 శాతం. తేడా 80. ఈలోగా బయటికి పోయిన కరెంటు లెక్క 104 ఆంపియర్-అవర్లు పెరిగింది. బ్రేకుల వల్ల తిరిగి వచ్చినది 14. నికరంగా వాడినది 90. దాన్ని 0.80తో భాగిస్తే మొత్తం సామర్థ్యం 112.5. కొత్తప్పటి 120తో పోలిస్తే 94 శాతం కంటే కొంచెం తక్కువ.

ఈ అంకెను ఎంతవరకు నమ్మాలో కూడా అదే లెక్క చెబుతుంది. రెండు చివరలా చార్జి శాతం రెండేసి పాయింట్లు అటూ ఇటూ తప్పిందనుకుందాం. తేడా 80 కాక 84 అయితే ఆరోగ్యం 89కి పడుతుంది, 76 అయితే 99కి లేస్తుంది. అదే తప్పు, 60 నుంచి 40కి మాత్రమే దించి కొలిచినప్పుడు జరిగితే? వాడినది 22.5 ఆంపియర్-అవర్లు, తేడా 16 నుంచి 24 మధ్య ఎంతైనా కావచ్చు. ఆరోగ్యం 78 నుంచి 117 దాకా ఎక్కడైనా తేలుతుంది. నూటికి పదిహేడు ఎక్కువ ఆరోగ్యమనేది అర్థంలేని మాట. కాబట్టి కొలిచే పరిధి ఎంత పెద్దదైతే ఫలితం అంత గట్టిది.

మొదట, చివర కారును నిలిపి ఉంచడం కూడా అలంకారం కాదు. నడుస్తుండగా చూపే చార్జి శాతాన్ని సిస్టమ్ తాను ఊహించుకున్న సామర్థ్యంతోనే లెక్కిస్తుంది. దాన్ని మనం తిరిగి భాగిస్తే, దాని ఊహే మనకు కొత్త ఫలితంలా తిరిగి వస్తుంది. విశ్రాంతి తర్వాత వోల్టేజితో సరిచూసుకున్న శాతానికే స్వతంత్రమైన విలువ ఉంటుంది. యాప్‌లో State of Health అని విడిగా ఒక అంకె కనిపిస్తుంది. కానీ అదీ సిస్టమ్ అంచనాయే. కొన్ని కార్లలో ఏళ్ల తరబడి 100 దగ్గరే కదలకుండా ఉంటుంది. అది బ్యాటరీ అరగలేదనడానికి రుజువు కాదు.

చార్జి 12 శాతానికి దిగినప్పుడు మరొకటి చూడొచ్చు. కోనా బ్యాటరీలో 90 సెల్ జతలు వరుసగా ఉంటాయి. మొత్తం బ్యాటరీ ఎప్పుడు ఆగాలో బలహీనమైన జత నిర్ణయిస్తుంది. నిండుగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా కనిపించినా, అడుగుకు వచ్చేసరికి బలహీనమైనది మిగతావాటికంటే ముందే కిందికి జారుతుంది. అతి ఎక్కువ, అతి తక్కువ సెల్ వోల్టేజిల మధ్య తేడా అక్కడ పెద్దదైతే, సగటు ఆరోగ్యం బాగుందన్నా సమస్య ఉన్నట్టే.

సామర్థ్యం తగ్గడం ఒక ముఖమే. రెండోది లోపలి నిరోధం పెరగడం. ఒక సెల్ జత 3.70 వోల్టుల దగ్గర ఉండగా పది సెకన్లపాటు 100 ఆంపియర్లు లాగితే 3.64కి దిగిందనుకుందాం. 0.06ను 100తో భాగిస్తే 0.6 మిల్లీ ఓమ్‌లు. అదే ఉష్ణోగ్రత, అదే చార్జి శాతం దగ్గర ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తేనే దీన్ని పోల్చగలం. ఎందుకంటే చల్లటి సెల్‌లో నిరోధం ఎలాగూ ఎక్కువ ఉంటుంది. నిరోధం పెరిగిన బ్యాటరీలో పట్టే చార్జి బాగానే ఉండొచ్చు. కానీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఫాస్ట్ చార్జింగులో అది ఎక్కువ వేడెక్కుతుంది, శక్తినీ తగ్గించి ఇస్తుంది.

ఈ అయోమయాన్ని తగ్గించడానికి 2022లో ఐక్యరాజ్యసమితి వాహన నియమాల వేదిక 22వ నంబరు ప్రపంచ సాంకేతిక నియమాన్ని తెచ్చింది. ప్యాసింజర్ కారు అయిదేళ్లకు లేదా లక్ష కిలోమీటర్లకు తొలి శక్తిలో కనీసం 80 శాతం, ఎనిమిదేళ్లకు లేదా లక్షా అరవై వేలకు 70 శాతం నిలుపుకోవాలని అది చెబుతుంది. కారు తన ఆరోగ్యాన్ని యజమానికి చూపాలనీ, ఆ అంకె కొలిచి తేల్చినదానికంటే అయిదు పాయింట్లకు మించి గొప్పగా ఉండకూడదనీ కూడా అందులో ఉంది. ఆ నియమం ఉన్న దేశంలో కొనేవాడికి కనీసం అంత హామీ ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అడగాల్సింది తెర మీది నూరు గురించి కాదు. ఆరోగ్యం ఎంత అన్నదానితోపాటు, ఏ పరిధిలో, ఎంత విశ్రాంతి తర్వాత, ఏ వేడిలో కొలిచారని అడగాలి. వారంటీ ఏ శాతం కింద పనిచేస్తుందో, ఆ శాతాన్ని సర్వీసు సెంటరు ఏ పద్ధతిలో తేలుస్తుందో కాగితం మీద చూడాలి. మన లెక్కలో 68 వచ్చి, వాళ్ల లెక్కలో 72 వస్తే, గీత 70 దగ్గర ఉన్నప్పుడు రెండింటి మధ్య తేడా బ్యాటరీ ఖర్చంత ఉంటుంది.