లేని కాలికి నొప్పి

కాలు తీసేసిన మనిషి "పాదం మండిపోతోంది, వేళ్ళు మెలి తిరిగిపోతున్నాయి" అంటే ఇంట్లోవాళ్ళు చప్పున నమ్మరు. మతి చెదిరిందేమోనని భయపడతారు. కానీ ఆ నొప్పి నిజమైనదే. డాక్టర్లు దాన్ని ఫాంటమ్ నొప్పి అంటారు.

ఎందుకొస్తుంది? కోసిన చోట నరాల కొసలు ముడులు పడి, వాటంతటవే మెదడుకి కబుర్లు పంపుతుంటాయి. మెదడులో మాత్రం ఆ కాలి పటం చెరిగిపోదు. ఏ కబురొచ్చినా అది పాదం నుంచే వచ్చిందనుకుంటుంది. "వేళ్ళు చాపు" అని ఆజ్ఞ ఇస్తుంది. చాపినట్టు కంటికి కనబడదు, ఒంటికి తెలియదు. అందుకే వేళ్ళు బిగుసుకుపోయినట్టే ఉండిపోతాయని వి.ఎస్. రామచంద్రన్ ఊహించారు. ఈయన మన చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివినవారే. కళ్ళకి ఆ కదలిక చూపిస్తే సరిపోతుంది కదా అని 1990లలో అద్దం వాడి చూశారు.

ఎడమ కాలు మోకాలి కింద తీసేశారనుకుందాం. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోవాలి. రెండు కాళ్ళ మధ్య నిలువుటద్దాన్ని పొడుగ్గా పెట్టాలి. అద్దం ముఖం కుడికాలి వైపు ఉండాలి, మొండి కాలు వెనక దాగాలి. పట్టీలు, మెట్టెలు తీసెయ్యాలి. అద్దంలో చూస్తూ కుడి పాదాన్ని నెమ్మదిగా ఆడిస్తూ, లేని పాదాన్నీ అలాగే ఆడిస్తున్నట్టు మనసులో ప్రయత్నించాలి. వేళ్ళు ముడవడం, విప్పడం, మడమ తిప్పడం, అంతే.

2007లో అమెరికాలో కాలు పోయినవాళ్ళ మీద ఇది పరీక్షించారు. రోజుకి 15 నిమిషాలు, 4 వారాలు. అద్దం చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. గుడ్డ కప్పిన అద్దం ముందు అదే కసరత్తు చేసిన ఆరుగురిలో ఒక్కరికే తగ్గింది. అంటే పని చేసింది కసరత్తు కాదు, కంటికి కనబడ్డ కదలిక. అయితే ఇది చిన్న పరీక్ష. అందరికీ గుణం ఇవ్వదు. రెండు కాళ్ళూ పోయినవాళ్ళకి అద్దంలో చూపించడానికి కాలే ఉండదు. కొందరికి మొదట్లో తల తిరుగుతుంది, ఏడుపొస్తుంది. అప్పుడు ఆపి, ఫిజియోథెరపిస్టుతో మాట్లాడాలి.

మామూలు నొప్పి బిళ్ళలు దీనికి అంతగా పని చేయవు. డాక్టర్లు నరాల మీద పనిచేసే గాబాపెంటిన్, ప్రీగాబలిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మగత, తల తిరుగుడు, నోరెండడం ఉండొచ్చు. ఒంటికాలి మీద నడిచేవాళ్ళు మగతలో పడిపోతే ఇంకో గొడవ. సొంతంగా వేసుకోకూడదు, ఉన్నట్టుండి మానకూడదు.

ఒక తేడా ఇంట్లోవాళ్ళకి తెలియాలి. నొప్పి లేని పాదంలో ఉందా, మిగిలిన మొండిలో ఉందా అని అడగండి. మొండి ఎర్రబడి, వాచి, చీము పట్టినా, కృత్రిమ కాలు ఒరుసుకుని పుండు పడినా అది వేరే జబ్బు. దానికి అద్దం కాదు, వెంటనే ఆసుపత్రి కావాలి.