కిడ్నీ డాక్టర్ ఇచ్చిన కాగితం, మన వంటగది లెక్క

బ్నీద్ అల్ గార్‌లో ఒకే రూములో ఆరుగురు కలిసి మెస్ నడుపుకునే అన్నదమ్ములకు, ఊళ్లో ఉండి ఫోనులో వంట చెప్పే అక్కాచెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు.

శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్ అన్నకు కిడ్నీ జబ్బు బయటపడింది. కాళ్ల వాపు కూడా ఉంది. డాక్టర్ ఇచ్చిన కాగితంలో మూడే ముక్కలున్నాయి: రోజుకు సోడియం 2 గ్రాములు, పొటాషియం తక్కువ, ద్రవాలు 1 లీటరు. ఆయన దాన్ని "ఉప్పు తగ్గించు, పళ్లరసాలు తాగు" అని అర్థం చేసుకున్నారు. బకాలాలో 'తక్కువ సోడియం ఉప్పు' కొన్నారు, రోజూ కొబ్బరినీళ్లు తాగారు. తర్వాత పరీక్షలో పొటాషియం 5.8 వచ్చింది. అది 5 లోపు ఉండాలి.

తప్పు ఎక్కడ జరిగింది? తక్కువ సోడియం ఉప్పులో సోడియం తీసి, ఆ స్థానంలో ఎక్కువగా పొటాషియం కలుపుతారు. బీపీ మాత్రమే ఉన్నవాళ్లకు అది పనికిరావచ్చు. కిడ్నీ పాడైనవాళ్లకు ప్రమాదం. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ముందుగా ఏ గుర్తూ కనిపించదు. కాళ్లూ చేతులూ బాగా నీరసించినా, గుండె దడదడలాడినా, తడబడినా ఆగకండి, 112కు ఫోన్ చేయండి.

ఇక ఉప్పు సంగతి. సోడియం 2 గ్రాములంటే ఉప్పు 5 గ్రాములు, ఒక టీ చెంచాకు కొంచెం తక్కువ. పెద్ద చెంచా ఆవకాయలోనే సుమారు గ్రామున్నర ఉప్పు ఉంటుంది. రెండు పూటలా వేసుకుంటే 3 గ్రాములు అక్కడే అయిపోయాయి. అప్పడం, వడియాలు, ఎండుచేప, నూడుల్స్ మసాలా పొట్లం కూడా ఇంతే. కుబూస్‌లోనూ ఉప్పుంటుంది. అందుకే ఆ అన్నకు ఇలా చెప్పాం: పొద్దున్నే చిన్న డబ్బాలో అర టీ చెంచా మామూలు ఉప్పు పోసుకోండి, మిగతా సగం కుబూస్‌కీ బయటి తిండికీ వదిలేయండి. మెస్‌లో పప్పూ కూరా ఉడికాక, ఉప్పు వేయకముందే మీ వాటా గిన్నెలోకి తీసుకోండి. అందులో మీ డబ్బాలోది చల్లుకోండి. వేరే పొయ్యి అక్కర్లేదు.

పొటాషియం రుచికి తెలియదు, అదే దాని చిక్కు. గోంగూర, పాలకూర, మునగాకు, టమాటా, చింతపండు, బంగాళాదుంప, అరటిపండు, ఖర్జూరం, కొబ్బరినీళ్లలో ఎక్కువ. బీర, సొర, పొట్ల, క్యాబేజీ, యాపిల్‌లో తక్కువ. పులుపు కావాలంటే చింతపండు బదులు అర చెక్క నిమ్మకాయ చాలు. దుంపలు తినాలనిపిస్తే చెక్కు తీసి చిన్న ముక్కలు కోసి, నిండా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. పొటాషియం కొంత నీళ్లలోకి దిగిపోతుంది, అంతా పోదు. కాబట్టి అప్పుడప్పుడే, కొంచెమే. పప్పుకూ ఇదే సూత్రం. కుక్కర్‌లో కొద్ది నీళ్లతో వండితే అంతా లోపలే ఉంటుంది. ఎక్కువ నీళ్లతో ఉడికించి కట్టు వంచేయండి. మనం చారు పెట్టుకునేది ఆ కట్టుతోనే, అందుకే ఆ చారు మీకు వద్దు.

ద్రవాలంటే మంచినీళ్లు మాత్రమే కాదు. ఆ అన్న రోజు చూడండి: టీ రెండుసార్లు 200 మిల్లీలీటర్లు, చారు రెండు గరిటెలు 150, మజ్జిగ గ్లాసు 200, మాత్రలకు నీళ్లు 150. మొత్తం 700. తాగడానికి మిగిలింది 300. చారు, మజ్జిగ మానేస్తే 650 మిగులుతుంది. లెక్క మరిచిపోకుండా ఉండాలంటే, పొద్దున లీటరు సీసా నింపి పెట్టుకోండి. టీ తాగినప్పుడల్లా అంత నీళ్లు సీసాలోంచి వంచేయండి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. రోజూ పొద్దున ఒంటికి పోసుకున్నాక బరువు చూసుకోండి. ఒక్క రోజులో కిలో పెరిగిందంటే ఒంట్లో సుమారు లీటరు నీరు నిలిచిందన్నమాట, డాక్టర్‌కు చెప్పండి. ఉప్పు తగ్గితే దాహమూ తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ లీటరు లెక్క ఆ అన్నది, మీది కాదు. కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరికీ నీళ్లు తగ్గించరు. ఎండలో పనిచేసేవాళ్లు డాక్టర్ చెప్పకుండా నీళ్లు మానేస్తే కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. డాక్టర్ నీళ్లు తగ్గించమంటే, "నా పని ఎండలో" అని అప్పుడే చెప్పి, నీడలో పని ఇవ్వమని కాగితం రాయించుకోండి. పొటాషియం కూడా రక్తపరీక్ష చూసే తగ్గిస్తారు. ఈసారి వెళ్లినప్పుడు మూడు అంకెలు అడిగి తెలుగులో రాసుకోండి: నా ఉప్పు ఎంత, నా పొటాషియం ఎంత వచ్చింది, నా ద్రవాలు ఎంత. ఆ కాగితం ఫొటో తీసి ఇంట్లో వంట చెప్పేవాళ్లకు పంపండి.