సర్వేలో ‘చెప్పలేను’ ఆప్షన్ ఉండాలా, వద్దా? ఆ ఒక్క గడితో ఫలితం ఎలా మారిపోతుందంటే..

టీవీలోనో, ఫోన్‌లోనో పోల్ కనిపిస్తుంది. కింద మూడు గడులు.. అవును, కాదు, చెప్పలేను. ఫలితం రాగానే అందరూ మొదటి రెండు అంకెలే చూస్తారు. మూడోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కానీ సర్వేలు తయారుచేసేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ మూడో గడే. దాన్ని పెట్టాలా, తీసేయాలా అన్నదాన్ని బట్టే ‘ప్రజల మద్దతు’ అనే అంకె మారిపోతుంది.

ఎందుకంటే ‘చెప్పలేను’ నొక్కినవాళ్లంతా ఒకే రకం కాదు. ఒకరికి ఆ విషయమే తెలియదు. ఇంకొకరికి తెలుసు, కానీ రెండు వైపులా న్యాయం ఉందనిపిస్తుంది. మూడో వ్యక్తికి గట్టి అభిప్రాయమే ఉంది, బయటకు చెప్పడం ఇష్టం లేదు. ఈ ముగ్గురినీ ఒకే గడిలో వేస్తే సర్వేకి అందేది అంకె మాత్రమే, అర్థం కాదు.

లేని చట్టంపైనా అభిప్రాయం చెప్పేశారు!

అమెరికాలో సిన్సినాటి పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 1980లో బయటికొచ్చాయి. ‘1975 పబ్లిక్ అఫైర్స్ యాక్ట్‌ను రద్దు చేయాలని కొందరంటున్నారు. మీరు ఒప్పుకుంటారా, లేదా?’ అన్నది ప్రశ్న. అసలు అలాంటి చట్టమే లేదు. అయినా దాదాపు మూడో వంతు మంది ఏదో ఒక సమాధానం చెప్పారు. 1995లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఇదే చట్టం గురించి మళ్లీ అడిగింది. 24 శాతం మంది రద్దు చేయాలన్నారు. 19 శాతం మంది వద్దన్నారు.

వీళ్లంతా అబద్ధాలకోరులేం కాదు. ప్రశ్నలోని మాటలు చూసి, ఇదేదో ప్రభుత్వ వ్యవహారమై ఉంటుందని ఊహించుకుని జవాబిచ్చారు. పైగా ‘నాకు తెలియదు’ అనడం చాలామందికి నామోషీ. అందుకే సిన్సినాటి పరిశోధకులు కొందరిని ఇంకోలా అడిగి చూశారు. ‘దీనిపై మీకు అభిప్రాయం ఉందా?’ అని ముందే అడిగితే, జవాబు చెప్పేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఇలా ముందుగా వడపోసే ప్రశ్నను సర్వే భాషలో ఫిల్టర్ ప్రశ్న అంటారు.

లెక్క ఇలా మారుతుంది

ఉదాహరణకు, ఒక పట్టణంలో ఇంటింటికీ నీటి మీటరు పెట్టాలనే ప్రతిపాదనపై 1000 మందిని అడిగారనుకుందాం. ‘తెలియదు’ అనే గడి లేకపోతే 560 మంది సరే అన్నారు, 440 మంది వద్దన్నారు. ‘56 శాతం మద్దతు’ అని హెడ్‌లైన్ వస్తుంది. అదే ‘దీని గురించి విన్నారా, అభిప్రాయం ఉందా?’ అని ముందు అడిగితే 400 మంది లేదన్నారు. మిగిలిన 600 మందిలో 336 మంది సరే అన్నారు, 264 మంది వద్దన్నారు.

అభిప్రాయం ఉన్నవాళ్లలో మద్దతు ఇప్పుడు కూడా 56 శాతమే. కానీ మొత్తం జనంలో చూస్తే మూడో వంతు మాత్రమే. నూటికి 40 మందికి ఆ సంగతే తెలియదు. మీటర్లు బిగించే ముందు అధికారులకు కావాల్సిన సమాచారం ఇదే. మొదటి పద్ధతిలో అది కనిపించకుండా పోయింది.

అలాగని అన్ని ప్రశ్నలకూ పెట్టేయొచ్చా?

ఇక్కడే అసలు చిక్కు. జాన్ క్రాస్నిక్, మరికొందరు పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం దీనికి రెండో వైపు చూపించింది. ‘అభిప్రాయం లేదు’ అనే గడి కనిపిస్తే, తెలియనివాళ్లు మాత్రమే దాన్ని ఎంచుకోవడం లేదు. ఆలోచించే ఓపిక లేనివాళ్లు కూడా అటే వెళ్తున్నారు. ప్రశ్నల జాబితా చివరికొచ్చేసరికి ఆ గడి ఎంచుకోవడం పెరిగింది. తక్కువ చదువుకున్నవాళ్లు దాన్ని ఎక్కువగా ఎంచుకున్నారు. అంటే ఆ గడి పెట్టడం వల్ల కొందరి గొంతు సర్వేలో వినిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

కాబట్టి విషయాన్ని బట్టి తేల్చుకోవాలి. కొత్త బిల్లు, దూరాన జరిగే వ్యవహారం, సాంకేతిక అంశం లాంటివైతే ‘తెలియదు’ పెట్టాలి, లేదా ఫిల్టర్ ప్రశ్న అడగాలి. వీధిలో చెత్త, కరెంటు కోత, కూరగాయల ధరలు లాంటివి రోజూ అనుభవంలో ఉండేవి. వీటికి ఆ గడి చూపించకపోవడమే మేలు. ఎవరైనా తమంతట తాము ‘తెలియదు’ అంటే మాత్రం అడిగే మనిషి దాన్ని రాసుకోవాలి, బలవంతపెట్టకూడదు.

నడిమి గడి సంగతి వేరు

‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అస్సలు ఒప్పుకోను’ వరకు ఐదు మెట్లుంటే, మూడో మెట్టు ‘అటూ కాదు, ఇటూ కాదు’. అమెరికా పరిశోధకులు హోవర్డ్ షూమన్, స్టాన్లీ ప్రెసర్ 1981లో తెచ్చిన పుస్తకంలో దీన్ని పరీక్షించారు. నడిమి గడి పెడితే దాన్ని ఎంచుకునేవాళ్లు గణనీయంగా పెరుగుతారు. అయితే మిగిలిన రెండు వైపుల మధ్య నిష్పత్తి చాలావరకు అలాగే ఉంటుంది. అటోఇటో కొద్దిగా మొగ్గు ఉన్నవాళ్లే ఎక్కువగా నడిమికి వస్తారు.

మరి నడిమిలో ఉన్నవాళ్లంతా నిజంగా తటస్థులేనా? బ్రిటన్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఈ గడి ఎంచుకున్నవాళ్లను మళ్లీ అడిగారు.. ‘మీ అభిప్రాయం మధ్యలో ఉందా, లేక అసలు అభిప్రాయమే లేదా?’ ఎక్కువమంది చెప్పింది రెండోదే. అంటే పరువు కాపాడుకుంటూ ‘తెలియదు’ అనడానికి నడిమి గడిని వాడుకున్నారు. వీళ్లందరికీ 3 మార్కులు వేసి సగటు తీస్తే, తెలియనితనం కాస్తా తటస్థతగా లెక్కలోకి వచ్చేస్తుంది.

అందుకే ఆ విషయంలో నిజంగా మధ్యస్థానం ఉన్నప్పుడే నడిమి గడి పెట్టాలి. ‘పింఛను పెంచాలా, తగ్గించాలా?’ అంటే ‘ఇప్పుడున్నంత చాలు’ అన్నది నిజమైన జవాబు. దాన్ని తీసేస్తే జనాన్ని ఏదో ఒక వైపు నెట్టినట్టే. ‘రెండు రూట్లలో ఏది కావాలి?’ అంటే మాత్రం నడిమి రూటు ఉండదు. అక్కడ ‘ఏదైనా ఒకటే’ అన్నది వేరే గడిగా ఉండాలి.

తెలుగులో ఇంకో తలనొప్పి

నడిమి గడికి ‘పర్వాలేదు’ అని రాస్తే పొరపాటే. ‘సినిమా పర్వాలేదు’ అంటే చూడొచ్చని కదా అర్థం. అంటే అది కాస్త మంచి వైపే మొగ్గుతుంది. ‘బాగుందీ కాదు, బాగోలేదూ కాదు’ అంటే నడిమి తెలుస్తుంది. ‘చెప్పలేను’ కూడా అంతే. తెలియక చెప్పలేకపోవడం, చెప్పడం ఇష్టం లేకపోవడం రెండూ అందులో ఉన్నాయి. ‘నాకు దీని గురించి తెలియదు’, ‘చెప్పదల్చుకోలేదు’ అని విడదీస్తే ఎవరు ఎందుకు ఆగారో తెలుస్తుంది. ఓటు ఎవరికన్న ప్రశ్నలో ఇది మరీ ముఖ్యం.

ఫోన్ పోల్‌లో అడిగే మనిషి ఉండడు. ‘తెలియదు’ గడి లేకుండా, జవాబు ఇస్తేనే తర్వాతి ప్రశ్న వచ్చేలా పెడితే ఏదో ఒకటి నొక్కేసి ముందుకెళ్తారు. కనీసం ‘దాటవేయి’ అనే బటన్ అయినా ఉండాలి. అనుమానం ఉంటే సగం మందికి ఆ గడితో, సగం మందికి గడి లేకుండా ప్రశ్న పంపి రెండు ఫలితాలూ పోల్చి చూడాలి. ఎవరికి ఏది వెళ్లాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చాలి. తేడా ఎక్కువగా ఉంటే, గడి లేనప్పుడు వచ్చిన జవాబుల్లో కొన్ని ఊహించి నొక్కినవో, మొగ్గు అంతంతమాత్రంగా ఉన్నవో అయ్యుండొచ్చు.

ఇకపై ‘ఇంత శాతం మద్దతు’ అనే పోల్ కనిపిస్తే అంకె కంటే ముందు చూడాల్సింది ఇదే.. ‘తెలియదు’ అనడానికి జనానికి అవకాశం ఇచ్చారా? ఇస్తే, వాళ్లను ఫలితంలో చూపించారా, లేక లెక్కలోంచి తీసేశారా?