న్యుమోనియా: ఇంటి వైద్యమా, ఆసుపత్రా?

ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాకుండా, ఇంట్లో మామూలుగా ఉన్నవారికి సోకే న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులు ద్రవంతో, చీముతో నిండుతాయి. దగ్గు, కళ్లె, జ్వరం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు దీని సాధారణ లక్షణాలు. ఎక్స్‌రేతో జబ్బు నిర్ధారణ అయ్యాక డాక్టరు తేల్చాల్సిన మొదటి విషయం, మాత్రలిచ్చి ఇంటికి పంపవచ్చా, ఆసుపత్రిలో చేర్చాలా అన్నది. రోగిని చూసి వేసే అంచనా తరచూ తప్పుతుంది. 103 డిగ్రీల జ్వరంతో వణికే యువకుడు ఇంట్లోనే కోలుకోవచ్చు. జ్వరమే లేకుండా మగతగా పడుకున్న వృద్ధురాలు ప్రాణాపాయంలో ఉండవచ్చు. ఈ పొరపాటును తగ్గించడానికే తీవ్రతను అంకెల్లో లెక్కగట్టే పద్ధతులు వచ్చాయి.

వాటిలో అన్నిటికన్నా సులువైనది ‘కర్బ్-65’. బ్రిటన్, న్యూజిలాండ్, నెదర్లాండ్స్ దేశాల్లో ఆసుపత్రికి వచ్చిన వెయ్యికి పైగా రోగుల వివరాల ఆధారంగా లిమ్ బృందం దీన్ని రూపొందించి, 2003లో ‘థొరాక్స్’ వైద్య పత్రికలో ప్రచురించింది. ఇందులో చూసేవి ఐదే అంశాలు. కొత్తగా వచ్చిన మతి తికమక, రక్తంలో పెరిగిన యూరియా, నిమిషానికి 30 లేదా అంతకు మించిన శ్వాసలు, పడిపోయిన రక్తపోటు, 65 ఏళ్లు లేదా ఆపై వయసు. ఉన్న ప్రతి అంశానికీ ఒక పాయింటు. రక్తపోటు పై అంకె 90 కన్నా తక్కువున్నా, కింది అంకె 60 లేదా అంతకు తక్కువున్నా పాయింటు పడుతుంది.

జ్వరం ఎంతుంది, కళ్లె ఏ రంగులో ఉంది అన్నవి ఈ లెక్కలో లేవు. ఎందుకంటే స్కోరు చూసేది ఊపిరితిత్తిలోని జబ్బును కాదు, ఆ జబ్బు వల్ల మిగతా శరీరం ఎంత దెబ్బతిన్నదో. ఇన్ఫెక్షన్ రక్తనాళాలను వదులు చేస్తే రక్తపోటు పడిపోతుంది. మూత్రపిండాలకు రక్తం చాలకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా యూరియా పెరుగుతుంది. మెదడుకు రక్తం, ఆక్సిజన్ సరిగా అందకపోతే మతి తికమకపడుతుంది. గట్టిపడిన ఊపిరితిత్తులతో సరిపడా గాలి అందించుకోవడానికి శరీరం శ్వాస వేగాన్ని పెంచుతుంది.

ఆ అధ్యయనంలో స్కోరు 0 లేదా 1 వచ్చినవారిలో 30 రోజుల్లోపు చనిపోయినవారు సుమారు 1.5 శాతం. స్కోరు 2 ఉన్నవారిలో ఇది దాదాపు 9 శాతం, 3 లేదా ఆపైన ఉన్నవారిలో 22 శాతం. అందుకే 0, 1 ఉన్నవారికి ఇంటి వైద్యం ఆలోచించవచ్చు. 2 ఉంటే కొద్ది రోజులైనా ఆసుపత్రిలో ఉంచడం మంచిది. 3 లేదా ఆపైన ఉంటే చేర్చడం తప్పనిసరి, 4, 5 వస్తే ఐసీయూ అవసరమేమో కూడా చూడాలి. రక్తపరీక్ష వీలుకాని చోట యూరియాను వదిలి మిగతా నాలుగింటితో ‘సీఆర్‌బీ-65’ లెక్కిస్తారు. అందులో సున్నా వస్తేనే ఇంటి వైద్యానికి మొగ్గు చూపుతారు. ఒక్క పాయింటు వచ్చినా ఆసుపత్రికి పంపే విషయం ఆలోచించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 70 ఏళ్ల రైతుకు మూడు రోజులుగా దగ్గు. జ్వరం 100 డిగ్రీలే కాబట్టి, నీరసం తప్ప మరేమీ లేదని ఇంటివాళ్లు అనుకుంటారు. నిన్నటిదాకా లెక్కలన్నీ తానే చూసుకున్న మనిషి ఈ రోజు నెల పేరు చెప్పలేకపోయాడు, ఎక్కడున్నాడో చెప్పలేకపోయాడు. శ్వాసలు నిమిషానికి 28, రక్తపోటు 104/58, రక్తంలో యూరియా డెసిలీటరుకు 38 మిల్లీగ్రాములు. వయసుకు ఒకటి, మతి తికమకకు ఒకటి, రక్తపోటు కింది అంకెకు ఒకటి. యూరియాకు, శ్వాసకు పాయింటు లేదు. మొత్తం 3. జ్వరం తక్కువేనని ఇంట్లో ఉంచాల్సిన మనిషి కాదు, వెంటనే ఆసుపత్రిలో చేర్చాల్సిన మనిషి.

ఈ చిన్న లెక్కలో కూడా తప్పులు దొర్లే చోట్లున్నాయి. మొదటిది యూరియా. మన ల్యాబుల్లో కొన్ని ‘బ్లడ్ యూరియా’ అని, కొన్ని ‘బ్లడ్ యూరియా నైట్రోజన్’ అని రిపోర్టు ఇస్తాయి. రెండూ ఒకటి కాదు. పాయింటు పడాలంటే మొదటిది సుమారు 42 మిల్లీగ్రాములు దాటాలి, రెండోది సుమారు 20 దాటాలి. రైతు రిపోర్టులోని 38 బ్లడ్ యూరియా. దాన్ని పొరపాటున 20తో పోలిస్తే లేని పాయింటు కలుస్తుంది. రెండోది శ్వాస. చాలాచోట్ల లెక్కపెట్టకుండానే 18 అనో, 20 అనో రాసేస్తుంటారు. రోగి గమనించకుండా, ఛాతీ కదలికలను పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడితేనే సరైన సంఖ్య వస్తుంది. మూడోది మతి తికమక. ముందునుంచే మతిమరుపు ఉన్న వృద్ధుల విషయంలో ఇది కొత్తగా వచ్చిందో కాదో ఇంటివారిని అడిగితే తప్ప తెలియదు.

కర్బ్-65కు ఉన్న పెద్ద లోటు, అందులో ఆక్సిజన్ శాతం లేకపోవడం. 34 ఏళ్ల వ్యక్తి మతి స్పష్టంగా ఉంది, రక్తపోటు 120/76, శ్వాసలు 26, యూరియా మామూలే. స్కోరు సున్నా. కానీ వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటరు 88 శాతం చూపిస్తోంది, ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలున్నాయి. ఇతడిని ఇంటికి పంపకూడదు. సున్నా చెప్పేది అలాంటి రోగుల్లో సగటున మరణాలు తక్కువన్న మాట మాత్రమే, ఈ మనిషికి ఆక్సిజన్ అక్కర్లేదని కాదు. ఆక్సిజన్ 92 శాతం కన్నా తగ్గితే స్కోరు ఎంత చిన్నదైనా జాగ్రత్తపడాల్సిందే. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా అంకె తప్పుగా రావచ్చు కాబట్టి అనుమానం ఉంటే మళ్లీ కొలవాలి.

1997లో మైకేల్ ఫైన్ బృందం ప్రకటించిన ‘న్యుమోనియా సివియారిటీ ఇండెక్స్’ ఇంకా విస్తృతమైనది. వయసు, పాత జబ్బులు, పరీక్షల ఫలితాలు కలిపి 20 అంశాలతో రోగులను ఐదు తరగతులుగా విభజిస్తుంది. ఇంటికి పంపదగినవారిని గుర్తించడంలో ఇది మెరుగని 2019 అమెరికా వైద్య మార్గదర్శకాలు దీనికే మొగ్గు చూపాయి. కానీ రక్తపరీక్షలు ఎక్కువ కావాలి కాబట్టి చిన్న క్లినిక్కులో కష్టం. పైగా వయసుకు ఎక్కువ పాయింట్లివ్వడం వల్ల చిన్న వయసువారిలో తీవ్రతను తక్కువగా చూపే ప్రమాదం దీనికీ ఉంది.

స్కోరు తక్కువ వచ్చినా ఇంటికి పంపే ముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. వాంతులతో మాత్ర నిలవనివారికి, గుండె, మూత్రపిండాల జబ్బులు ముదిరినవారికి, గర్భిణులకు, ఒంటరిగా ఉండేవారికి, పరిస్థితి మారితే రాత్రిపూట ఆసుపత్రికి చేరే దారి లేనివారికి తక్కువ స్కోరు భరోసా కాదు. ఈ విషయాలను ఏ స్కోరూ పూర్తిగా లెక్కలోకి తీసుకోదు, వీటిని డాక్టరే అడిగి తెలుసుకోవాలి.

ఇంటికి పంపిన రోగిని రెండు రోజుల్లో మళ్లీ చూడాలి. యాంటీబయాటిక్ పనిచేస్తుంటే ఆ పాటికి జ్వరం, ఆయాసం తగ్గుముఖం పడతాయి. దగ్గు, నీరసం మాత్రం వారాల తరబడి ఉండవచ్చు, అవి ఉన్నంత మాత్రాన మందు విఫలమైనట్టు కాదు. ఆయాసం పెరిగినా, మాటలు తడబడినా, మూత్రం బాగా తగ్గినా, పెదవులు నీలంగా మారినా ఆ రెండు రోజులు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొదటి రోజు వేసిన స్కోరు ఆ ఒక్క గంటలో ఉన్న స్థితికే చెల్లుతుంది. స్థితి మారితే అవే ఐదు అంశాలను, వాటితోపాటు ఆక్సిజన్‌ను మళ్లీ కొలిచి, నిర్ణయాన్ని మార్చుకోవాలి.