‘ఏం కావాలో అడగండి’ అంటే చాలదు

కరెంటు పంపిణీ సంస్థ ఒకటి వాట్సాప్‌లో చాట్‌బాట్ పెట్టిందనుకుందాం. దానికి మూడే పనులు వచ్చు. సర్వీస్ నంబరు చెబితే ఈ నెల బిల్లు ఎంతో చూపిస్తుంది, కరెంటు పోయిందంటే ఫిర్యాదు రాసుకుంటుంది, కొత్త కనెక్షన్ దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చెబుతుంది. కానీ అది పంపే మొదటి సందేశం ఇలా ఉంటుంది: ‘నమస్కారం! మీకు ఏ విధంగా సహాయపడగలను?’

ఆ మాట చదివినవాళ్లు మనసులో ఉన్నదే అడుగుతారు. ‘మా వీధిలో కరెంటు ఎప్పుడొస్తుంది?’, ‘పోయిన నెల కంటే బిల్లు ఎందుకు పెరిగింది?’ ఈ రెండింటికీ దాని దగ్గర జవాబు లేదు. ‘క్షమించండి, అర్థం కాలేదు’ అని రెండుసార్లు వచ్చేసరికి, మూడోసారి అడిగే ఓపిక ఎవరికుంటుంది? తప్పు అడిగినవాళ్లది కాదు. ఏం అడగవచ్చో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. దానికి ప్రపంచజ్ఞానం దాదాపు ఏమీ లేదు. అందుకే దాన్ని మానసిక చికిత్సకుడి పాత్రలో పెట్టాడు. అలాంటి వ్యక్తి ముందు కూర్చున్నవాళ్లు తమ గురించే చెప్పుకుంటారు, ఆయన మన మాటనే తిప్పి ప్రశ్నగా వేసినా వింతగా అనిపించదు. తన ముందున్నది ఎవరనుకుంటే దాన్నిబట్టే మనిషి అడుగుతాడని అక్కడే తేలింది.

మన కరెంటు బాట్‌కు నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్కారం. ఇది విద్యుత్ సంస్థ చాట్‌బాట్, మనిషి కాదు. బిల్లు మొత్తం, కరెంటు పోతే ఫిర్యాదు, కొత్త కనెక్షన్ దరఖాస్తు – ఈ మూడూ ఇక్కడ చూసుకోవచ్చు. ఇలా రాయండి: “సర్వీస్ నంబరు 123456789, ఈ నెల బిల్లెంత?” నంబరు మీ పాత బిల్లు మీద ఉంటుంది. బిల్లు ఎందుకు పెరిగింది, కరెంటు ఎప్పుడొస్తుంది అన్నవి ఇక్కడ తెలియవు. వాటికి 1912కు ఫోన్ చేయండి.’

ఇందులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఆ నమూనా ప్రశ్న. జనం దాన్ని చూసి అదే అచ్చులో రాస్తారు. అందులో సర్వీస్ నంబరు ఉంటే వాళ్లూ నంబరుతో సహా అడుగుతారు. ‘నా బిల్లెంత?’ అని మాత్రమే ఉంటే నంబరు లేకుండానే అడుగుతారు, బాట్ మళ్లీ నంబరు అడగాల్సి వస్తుంది. నమూనా జనం మాట్లాడే భాషలోనే ఉండాలి. ‘బిల్లు వివరములు తెలుసుకొనుటకు’ అని ఎవరూ టైప్ చేయరు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లే ఎక్కువైతే, ‘current poyindi’ లాంటి నమూనా కూడా ఒకటి పెట్టాలి. అయితే బాట్‌కు అది నిజంగా అర్థమవుతుందని ముందే పరీక్షించి చూసుకోవాలి.

సందేశం కింద బటన్లు పెడితే టైప్ చేసే బాధ తప్పుతుంది. వాట్సాప్ అలాంటి జవాబు బటన్లు మూడింటినే ఒప్పుకుంటుంది, ఒక్కోదాని మీద 20 క్యారెక్టర్లకు మించి పట్టవు. తెలుగుకు ఇది పెద్ద ఇబ్బంది, ఎందుకంటే గుణింతాలు, పొల్లు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘కొత్త కనెక్షన్ స్థితి’ కంటికి ఎనిమిది అక్షరాలే, లెక్కలో 21. ఒక్కటి ఎక్కువైంది కాబట్టి పట్టదు. ‘కొత్త కనెక్షన్’ అంటే 14, ‘కరెంటు ఫిర్యాదు’ అంటే 15, హాయిగా సరిపోతాయి. పేర్లు ఇంగ్లిష్‌లో తేల్చేసి చివర్లో తెలుగు చేయించే సంస్థలు ఇక్కడే ఇరుక్కుంటాయి.

వాట్సాప్‌లో చాలాసార్లు ముందు మాట్లాడేది మనిషే. ‘హాయ్’ అంటే పలకరింపు పంపడం సబబే. కానీ ఎవరైనా నేరుగా ‘ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయి’ అని రాస్తే, దానికి బదులుగా మెనూ పంపడం దారుణం. అలాంటి మాటకు ముందు 1912 నంబరు, దాని దగ్గరికి వెళ్లొద్దన్న హెచ్చరిక రావాలి. మెనూ తర్వాత చూసుకోవచ్చు. నెలనెలా బిల్లు చూసుకునేవాళ్లకు కూడా ప్రతిసారీ ఆ పొడుగు పలకరింపు అక్కర్లేదు, బటన్లు చాలు.

సందేశం పనిచేస్తోందో లేదో తెలియాలంటే, దాని తర్వాత జనం రాసిన మొదటి వాక్యాలను తీసి చదవాలి. వాటిని మూడు కుప్పలు చేయాలి: బాట్ జవాబివ్వగలిగినవి, దాని పనే అయినా నంబరులాంటిదేదో లోపించినవి, దాని పని కానివి. రెండో కుప్ప పెరిగితే నమూనా ప్రశ్న మార్చాలి. మూడో కుప్పలో ఒకే ప్రశ్న పదేపదే కనబడితే, దానికి ఎక్కడ అడగాలో సందేశంలో చేర్చాలి. అదే ‘కరెంటు ఎప్పుడొస్తుంది’ అయితే మాత్రం సందేశం ఎంత మార్చినా ప్రయోజనం లేదు. సబ్‌స్టేషన్ల నుంచి ఆ సమాచారం బాట్‌కు అందే ఏర్పాటు సంస్థే చేయాలి.